ఇల్లు ఏ ఊళ్ళో ఉన్నట్టు

యోనాకు యాభై నాలుగేళ్ళు. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు దించి ఎక్కించే ఒక కాంట్రాక్టు కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంటు. విమానాశ్రయం తెరిచిన ఏడాది అదే కంపెనీలో పెట్టెలు మోసే పనికి చేరాడు. నడుము పట్టేశాక గోదాములో లెక్కలు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడినుంచి రాత్రి కాలేజీలో బీకాం పూర్తిచేసి, మెల్లగా జీతాల విభాగానికి వచ్చాడు. సొంతూరు పాల్మాకుల. తండ్రికి భూమి లేదు, ఇల్లు పెద్దన్నకు పోయింది. అందుకే పెళ్ళయిన నాటినుంచి యోనా అద్దె ఇళ్ళలోనే బతికాడు. ఇప్పుడున్నది శంషాబాద్ పాత ఊరిలో రెండు గదులు. నెలకు తొమ్మిదిన్నర వేలు.

ప్రతి జనవరిలో అతని బల్ల ముందు వరుస కడతారు. ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కావాలన్నవాళ్ళు అద్దె రసీదులు, ఒప్పందం కాగితం, ఏడాదికి లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు తెచ్చివ్వాలి. మిగతాచోట్ల గుమాస్తాలు కాగితం తీసుకుని ముద్ర వేస్తారు. యోనా మాత్రం ఆ ఇంటి గురించి అడుగుతాడు. నీళ్ళు ఏ పూట వస్తాయి, బండి ఎక్కడ పెడతావు, కరెంటు మీటరు వేరేనా, ఓనరు పైనుంటడా కిందుంటడా. నిజంగా ఉంటున్నవాడు ఆ ప్రశ్నలకు ఆగకుండా జవాబు చెబుతాడు. ఊరికే రసీదు రాయించుకొచ్చినవాడు నీళ్ళ దగ్గరే తడబడతాడు.

ఈ అలవాటు వెనక ఒక బాధ ఉంది. పన్నెండేళ్ళ కిందట కుర్మయ్య అనే సూపర్‌వైజర్ జల్‌పల్లిలో సొంతింట్లో ఉంటూ, బావమరిది పేరు మీద అద్దె రసీదులు తెచ్చిచ్చాడు. అప్పుడు యోనా కొత్త. కాగితం మీద ఉన్న అంకె ఉన్నట్టు ఎక్కించాడు. రెండేళ్ళ తర్వాత ఆదాయపన్ను వాళ్ళ నోటీసు వచ్చింది, కంపెనీకి కాదు, కుర్మయ్యకు. పన్ను, వడ్డీ, పైన జరిమానా. కట్టడానికి కుర్మయ్య మోటారు సైకిలు అమ్ముకున్నాడు. యోనాను ఒక్క మాట అనలేదు. తర్వాత మూడేళ్ళు జల్‌పల్లి నుంచి బస్సులో డ్యూటీకి వచ్చాడు. ఆ బస్సు దిగి నడిచొస్తున్న మనిషిని కిటికీలోంచి చూసినప్పుడల్లా యోనా చేతిలో ఉన్న రసీదును మళ్ళీ మొదటినుంచి చదివేవాడు.

2024 జనవరి రెండో వారంలో రాజశేఖర్ వచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు, ఫోర్క్‌లిఫ్టులు, కన్వేయర్లు బాగుచేసే మెకానిక్కుల మీద ఇన్‌చార్జి. బల్లమీద, ముందుగా రాయించిన ఫిబ్రవరి, మార్చివి కలిపి, ఎనిమిది రసీదులు పెట్టాడు.

"పన్నెండు నెలలకు ఎనిమిదేనా?" అన్నాడు యోనా.

"జూన్ నుంచి సెప్టెంబర్ దాక చెన్నైల ఉంటిమి గద అన్నా. కంపెనీయే పంపింది, కొత్త మిషన్లు పెట్టనీకి. ఏడాది అన్నరు, నాలుగు నెలలకే వాపస్ పిలిచిన్రు. ఇక్కడి ఇల్లు ఖాళీ చేసి సామాను పాల్మాకులల మా బాపు ఇంట్ల పెట్టి, సునీతను తోల్కపోయిన. అక్టోబర్‌ల వచ్చి మళ్ళ అదే బిల్డింగుల పై పోర్షన్ తీసుకున్నం."

సునీత అతని భార్య. యోనా కంప్యూటర్లో రాజశేఖర్ లెక్క తెరిచాడు. మిగతా భత్యాలు కాక బేసిక్ జీతం ముప్పై వేలు. అద్దె భత్యం పదిహేను వేలు. ఏప్రిల్లో అతను రాసిచ్చిన అద్దె పదిహేడు వేలు పన్నెండు నెలలకూ అలాగే ఉంది.

"చెన్నైల కిరాయి ఎంత?"

"పద్దెనిమిది."

"చెన్నై అంటే ఏ చెన్నై? పల్లావరమా? అట్లయితే అది చెన్నై కార్పొరేషన్ల రాదు."

"కాదన్నా, మనోళ్ళందరు పల్లావరంల తీసుకున్నరు. పిల్లల కోసం సునీతను చూపించనీకి దవాఖాన దగ్గరుండాలని మేం నంగనల్లూర్‌ల తీసుకున్నం."

యోనా ముఖం విప్పారింది. "అది కార్పొరేషన్ లోపలిదే. నీకు లాభమే బిడ్డా. కూసో, చూపిస్త."

కాగితం తీసుకుని మూడు గీతలు గీశాడు. ఎవరికైనా అలాగే చెబుతాడు. "కిరాయి భత్యం, హెచ్చార్యే, మీద పన్ను లేకుండ పోయేది ఎంతంటే, మూడు అంకెలు తీసి వాట్ల చిన్నది పట్టుకోవాలె. ఒకటి, కంపెనీ ఇచ్చిన భత్యం. నీకు పదిహేను వేలు. రెండు, నువ్వు కట్టిన కిరాయిలకెల్లి బేసిక్‌ల పదోవంతు తీసెయ్యాలె. పద్దెనిమిది వేలల్ల మూడు వేలు పోతే పదిహేను. మూడు, ఊరిని బట్టి. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై అయితే బేసిక్‌ల సగం. అది కూడ పదిహేనే. మూడూ ఒక్క తీరున్నయి, ఇగ చిన్నది పెద్దది ఏంది? భత్యం మొత్తానికి మొత్తం మాఫీ. కంప్యూటర్ల పద్నాలుగు వేలే పట్టింది. నెలకు వెయ్యి చొప్పున నాలుగు నెలలకు నాలుగు వేలు పెరుగుతది."

రాజశేఖర్ నవ్వాడు. "చాయ్ నాది అన్నా ఇయ్యాల."

ఆ నాలుగు నెలలకు ఊరు మార్చడానికి యోనా ఊరి గడి మీద నొక్కాడు. అక్కడ శంషాబాద్ ఉంటుందనుకున్నాడు. 'ముంబై' అని ఉంది. అక్టోబరుకు వెళ్ళి చూశాడు. ముంబై. ఏప్రిల్. ముంబై.

ఇంకొకరి లెక్క తెరిచాడు, ఆ తర్వాత తనది. అందరికీ ముంబైయే. ఏప్రిల్లో కంపెనీ కొత్త సాఫ్ట్‌వేరుకు మారింది. హెడ్డాఫీసు ముంబైలో ఉంది కాబట్టి ఎవరో ఊరి గడిలో ఒకేసారి అందరికీ అదే పెట్టేశారు. పాత సాఫ్ట్‌వేరు ఊరిని సరిగా పట్టుకునేది గనక, మధ్యలో చూడాలని యోనాకు తోచలేదు.

"ఏమైందన్నా?" అన్నాడు రాజశేఖర్.

యోనా కలం మళ్ళీ తీశాడు. కాగితం మీద మూడో గీత కింద మళ్ళీ రాశాడు. శంషాబాద్‌లో ఇల్లుంటే సగం కాదు, వందకు నలభై. ముప్పై వేలకు ఆ లెక్కన పన్నెండు వేలు. భత్యం పదిహేను, పదిహేడు వేలలో మూడు వేలు తీసేస్తే పద్నాలుగు, ఊరి లెక్క పన్నెండు. చిన్నది పన్నెండు. సాఫ్ట్‌వేరు నెలకు పద్నాలుగు వేలు మాఫీ చేస్తూ వచ్చింది. రెండు వేలు ఎక్కువ.

"నేను ముందుగాల చెప్పింది తప్పు," అన్నాడు. "చెన్నై నాలుగు నెలలు నీకు పెరుగుతది నిజమే. కని ఇక్కడి ఎనిమిది నెలలకు నెలకు రెండు వేల చొప్పున తగ్గుతది. ఏడాదికి లక్షా అరవై ఎనిమిది వేలు అనుకున్నది లక్షా యాభై ఆరు అయితది. పన్నెండు వేల మీద వందకు ఇరవై పన్ను, పైన సెస్సు. రెండున్నర వేల దాక నీ ఫిబ్రవరి జీతంల కొయ్యాలె."

"గిదేంది అన్నా? నేను వచ్చి చెన్నై సంగతి చెప్పకుంటె గిది బయటపడకపోను గద!"

"పడకపోను," అన్నాడు యోనా.

రాజశేఖర్ రసీదులు బల్లమీదే వదిలి వెళ్ళిపోయాడు. చాయ్ తాగలేదు.

ఆ మధ్యాహ్నమంతా యోనా ఒక్కొక్కరి లెక్కా విప్పాడు. శంషాబాద్ ఆఫీసు కింద పాత పద్ధతిలో పన్ను కడుతూ అద్దె మినహాయింపు అడిగినవాళ్ళు ఇరవై ఆరుమంది. కొత్త పద్ధతికి పోయినవాళ్ళకు ఈ మినహాయింపే లేదు గనక వాళ్ళ జోలి అక్కర్లేదు. ఇరవై ఆరుమందికీ ఊరు సరిచేసి చూస్తే, పదిహేనుమంది అంకెలు కదలలేదు. పదకొండుమందివి పడిపోయాయి. ఎందుకు వీళ్ళవే పడ్డాయని తల పట్టుకుని చూస్తుంటే తెలిసింది. ఆ పదకొండుమందీ బేసిక్‌లో సగానికి మించి అద్దె కడుతున్నవాళ్ళు. అద్దెలోంచి బేసిక్ పదోవంతు తీసేసినా, మిగిలింది బేసిక్ మీద వందకు నలభై దాటేది వాళ్ళకే. తక్కువ అద్దె కట్టేవాళ్ళకు రెండో అంకె దగ్గరే లెక్క ఆగిపోతుంది. ఊరి సంగతి దాకా రాదు.

తన అంకె కూడా చూసుకున్నాడు. బేసిక్ ఇరవై ఎనిమిది వేలు, అద్దె తొమ్మిదిన్నర. రెండువేల ఎనిమిది వందలు తీసేస్తే ఆరువేల ఏడు వందలు. ముంబై అయినా శంషాబాద్ అయినా అంతే. ఒక్క రూపాయి తేడా లేదు. అది చూసి అతనికి హాయిగా అనిపించలేదు. తన జీతంలోంచి కూడా కొంత పోతే వాళ్ళ ముందు నిలబడడం తేలికయ్యేదనుకున్నాడు.

కవిత అక్కడి హెచ్ఆర్ మేనేజరు. భీమవరం అమ్మాయి, వయసులో యోనా పెద్దకూతురంత. అతను చెప్పింది మొదట నమ్మలేదు. పక్కన కుర్చీ లాక్కుని నాలుగు లెక్కలు తనే చేసి చూసుకుంది. ఆమె అప్పటికప్పుడే ముంబైకి ఫోను చేసింది. అటునుంచి వచ్చిన జవాబు యోనాకు కూడా వినపడింది. తొమ్మిది నెలలు గడిచాయి, ఇప్పుడు కదిలిస్తే అన్ని శాఖలవాళ్ళూ గోల చేస్తారు, కొత్త ఏడాది నుంచి సరిచేద్దాం, ఇంత చిన్న మొత్తాలు ఎవరూ చూడరు.

ఫోను పెట్టేసి కవిత అంది, "ఏం చేద్దామంటారు యోనా గారూ? పైవాళ్ళు వద్దన్నారు. చెప్పినట్టు వింటే మన మీదికి రాదు కదా?"

"మన మీదికి రాదమ్మా," అన్నాడు యోనా. "ఇంటి అడ్రసు మీద శంషాబాద్ అని ఉంటది. లెక్కల ముంబై అని ఉంటది. ఎన్నడన్న ఒక్కరోజు పన్ను ఆఫీసు మిషన్ రెండిటిని పక్కపక్కన పెడితే నోటీసు వాళ్ళకే పోతది. అప్పటిదాక వడ్డీ పెరుగుతనే ఉంటది. ఫోర్క్‌లిఫ్టు మొగులయ్యనో రాజశేఖరో కాగితం పట్కొని మన దగ్గరికి ఉరికొస్తరు. మనం ఏం చెప్పాలె, మాకు ముందే ఎరుకనేనా?"

తర్వాత కుర్మయ్య సంగతి చెప్పాడు. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. నోటీసు ఎవరికి వచ్చిందీ, మోటారు సైకిలు ఎంతకు అమ్మిందీ, బస్సు సంగతీ.

కవిత కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "పన్ను తక్కువ కోసినందుకు కంపెనీని కూడా బాధ్యుల్ని చేయవచ్చు. ఆ మాట రాస్తే పైవాళ్ళు కదులుతారు. మీరు పదకొండుమంది పట్టిక ఇవ్వండి, మెయిల్ నా పేరు మీద పంపుతాను."

పంపింది. మూడు రోజులకు జవాబు వచ్చింది. అన్ని శాఖల్లోనూ సరిచేయమన్నారు. కోత ఫిబ్రవరిలో ఒకేసారి కాకుండా రెండు నెలలకు పంచమన్నారు. రెండో మాట అడిగింది కవితేనని యోనాకు ఆ తర్వాత తెలిసింది.

చెప్పే పని మాత్రం యోనాకే పడింది. శుక్రవారం రెండు గంటలకు, షిఫ్టు మారే వేళ, క్యాంటీన్లో పదకొండుమందినీ కూర్చోబెట్టాడు. విషయం చెప్పి, ఎవరి కాగితం వాళ్ళకు పంచాడు. ఫోర్క్‌లిఫ్టు నడిపే సీనియర్ మొగులయ్య కాగితం చూసి లేచి నిలబడ్డాడు. అతని బేసిక్, అద్దె రెండూ రాజశేఖర్‌వే, చెన్నై నెలలు మాత్రం లేవు. అతనికి పడింది దాదాపు ఐదు వేలు.

"హైదరాబాద్ చిన్న ఊరా? మెట్రో రైలు నడుస్తలేదా ఈడ? శంషాబాద్‌ల రెండు బెడ్రూములకు పదిహేడు వేలు కడుతున్న. అదే చెన్నైల కడితే మాఫీ, ఈడ కడితే కాదా? గిదేం న్యాయం?"

"న్యాయమని నేను అంటలేనన్నా," అన్నాడు యోనా. "రూల్‌ల నాలుగు ఊర్ల పేర్లు రాసి ఉన్నయి. అండ్ల మన ఊరు లేదు. కిరాయి ఎంత పెరిగిందని ఆ రూల్ అడగదు. ఇల్లు ఏ ఊర్ల ఉన్నదని అడుగుతది, అంతే."

"మరి నీకెంత కోసిన్రు?"

ఆ ప్రశ్న వస్తుందని యోనాకు తెలుసు. "నాకేం లేదు," అన్నాడు.

మొగులయ్య తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గట్ల చెప్పు," అన్నాడు మొగులయ్య. "నీ జేబు సల్లగున్నది, మా జేబులు తీస్తున్నవ్."

యోనా తన కాగితం కూడా తెచ్చుకున్నాడు. దాన్ని బల్లమీద పెట్టాడు గానీ ఎవరూ తీసి చూడలేదు. బేసిక్ జీతంలో సగానికి మించి కిరాయికి పోయేవాళ్ళకే ఈ దెబ్బ తగిలిందనీ, తాను రెండు గదుల్లో ఉన్నాడు గనక తప్పించుకున్నాడనీ చెప్పాలనుకున్నాడు. సగం చెప్పాక మాట తనకే చేదుగా అనిపించింది. ఎక్కువ అద్దె కట్టడం వాళ్ళ తప్పన్నట్టు వినపడుతోంది. పిల్లల బడి దగ్గరుండాలనో, ముసలి తల్లిదండ్రులకు మెట్లు వద్దనో తీసుకున్న ఇళ్ళవి. ఏటా తను అడిగే ప్రశ్నల పుణ్యమాని ఒక్కొక్క ఇంటి సంగతీ అతనికి తెలుసు. మాట ఆపేసి, "ఎవరికన్న లెక్కల తప్పు కనపడితే రాండ్రి, కూసొని చూద్దం," అని మాత్రం అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భార్య ఎస్తేరమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ వింది. మొగులయ్య పెళ్ళానికి, ఆమెకు మంచి స్నేహం. చర్చి ముందర ఆ స్నేహితురాలు పలకరించకుండా పోయిందని అప్పటికే ఎస్తేరమ్మ మనసు చిన్నబుచ్చుకుని ఉంది.

"నువ్వు ఊకుంటే అయిపోవు గద. పైనోళ్ళే వద్దన్నరంటివి."

"ఊకుంటే నాకు నిద్ర పట్టదు."

"ఇప్పుడు పడుతదా?"

యోనా చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాడు. ఎస్తేరమ్మ చాట పక్కన పెట్టి, "సర్లే. ఎవరికన్న చెయ్యగలిగింది ఉంటే చెయ్యి. చెప్పినోనివి నువ్వే, చేసెటోనివి కూడ నువ్వే కావాలె," అంది.

సోమవారం పొద్దున యోనా తానే వర్క్‌షాపుకు వెళ్ళి రాజశేఖర్‌ని కలిశాడు. వదిలేసి వెళ్ళిన రసీదులు చేతిలో ఉన్నాయి.

"చెన్నై కాగితాలు నువ్వు ఇయ్యలేదు. ఇయ్యకుంటే ఆ నాలుగు నెలల మాఫీ, అరవై వేలు, మొత్తం పోయి దాని మీద పన్ను పడుతది. వచ్చే సోమవారం లోపల ఇస్తేనే ఎక్కించగలుగుత."

రాజశేఖర్ తల ఎత్తలేదు. గ్రీజు అంటిన చేతులతో బేరింగు తుడుస్తూ, "కిరాయి ఫోన్ల కొట్టినం. రసీదులు తీసుకోలే. ఆమె పాన్ నంబర్ ఎవరడిగిన్రు?" అన్నాడు.

"బ్యాంకుల పడ్డ దాఖలా ఉంటే సగం పని అయినట్టే. ఆమెకు ఫోన్ చెయ్యి. ఇక్కడి కిరాయి, అక్కడి కిరాయి కలిపితే ఏడాదికి లక్ష దాటుతది, అందుకే ఆమె పాన్ కూడ కావాలె."

నంగనల్లూరు ఇంటావిడ రిటైరైన బడి టీచరు. రాజశేఖర్‌కు అరవం రాదు. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. సునీత మాత్రం ఆ నాలుగు నెలల్లో ఆమెతో కూరలూ కబుర్లూ పంచుకుంది. అందుకని ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన సునీత చేతికే ఫోను ఇచ్చారు. వర్క్‌షాపు బయట నీడలో నిలబడి, ముగ్గురూ ఒకే ఫోను దగ్గర చెవులు పెట్టారు. సునీత ఆమెను ముందు కడుపులో బిడ్డ గురించి అడగనిచ్చింది, డెలివరీ తేదీ చెప్పింది, ఆమె మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగింది. పాన్ అనగానే అవతల ఆమె మాట మార్చింది. తన పింఛను మీద పన్ను పడుతుందేమోనని ఆమె భయం.

యోనా సునీత చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి, ఇంగ్లీషులో చెప్పాడు. అద్దె ఆమె తన ఆదాయంలో ఎలాగూ చూపించవలసిందే. అందులో మున్సిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో వందకు ముప్పై మరమ్మతులకని తీసేస్తారు. మిగతాది ఆమె పింఛనుతో కలిపి చూస్తారు. దాచమని తాను చెప్పడం లేదు, భయపడవలసింది కూడా లేదు. ఆమె తన ఆడిటర్ని అడిగి చెబుతానంది.

గురువారం సాయంత్రం సునీత ఫోనుకు నాలుగు ఫోటోలు వచ్చాయి. సంతకం పెట్టిన రసీదులు, ఒప్పందం, పాన్ కార్డు, చెన్నై కార్పొరేషన్ ఇంటిపన్ను బిల్లు. చివరిదాన్ని ఆమెను ఎవరూ అడగలేదు. యోనా మాత్రం అందులోని ఊరి పేరు రెండుసార్లు చదివాడు.

రాజశేఖర్‌కు ఫిబ్రవరిలో, మార్చిలో కలిపి రెండున్నర వేలు పోయింది. చెన్నై కాగితాలు రాకపోతే ఎంత పోయేదో యోనా కాగితం మీద చూపించలేదు. అతనూ అడగలేదు. మిగతా పదిమందిలో ముగ్గురు తమ లెక్కలు పట్టుకుని వచ్చారు. ఒకాయనకు అద్దె పెంపు ఎక్కించలేదని తేలింది, కానీ ఊరి లెక్కే అడ్డం ఉంది గనక పైసా పెరగలేదు. అంకెలు తిరిగి చూసి, ఆయన నవ్వి, "నిజమేలే," అని వెళ్ళిపోయాడు. మొగులయ్య రాలేదు. కనపడితే పక్కకు చూసేవాడు. అతని జీతం చీటీ తయారుచేసినప్పుడు యోనా కోత అంకెను మూడుసార్లు సరిచూశాడు, ఒక్క రూపాయి కూడా ఎక్కువ పోకూడదని.

ఏప్రిల్లో కొత్త ఏడాదికి కాగితాలు రాసేటప్పుడు హెడ్డాఫీసు ఒక కొత్త గడి పెట్టింది. అద్దె ఇల్లున్న ఊరు, పిన్‌కోడుతో సహా ఎవరికి వాళ్ళే నింపాలి. ఆ గడి ఎందుకు వచ్చిందో కింద ఎక్కడా రాయలేదు.

మే నెలలో రాజశేఖర్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. సునీతకు ఆడపిల్ల పుట్టి మూడు వారాలైంది. పాల్మాకులలో తన చిన్ననాటి స్నేహితుడు కొత్తగా ఇల్లు కట్టాడనీ, పద్నాలుగు వేలకు ఇస్తానంటున్నాడనీ, తన తల్లి ఇల్లు పక్కనే గనక పసిబిడ్డకు మేలనీ చెప్పాడు.

"జర లెక్క చూస్తవా అన్నా? మూడు అంకెలల్ల ఏడ ఆగుతదో."

యోనా కాగితం తీశాడు. పద్నాలుగు వేలలో మూడు వేలు తీసేస్తే పదకొండు. ఊరి అంకె పన్నెండు. చిన్నది పదకొండు.

"మాఫీ నెలకు వెయ్యి తగ్గుతది," అన్నాడు. "కిరాయి మూడు వేలు తగ్గుతది. వెయ్యి మీద పన్ను రెండు వందల చిల్లర. ఇగ నువ్వే చూసుకో."

రాజశేఖర్ కాగితం వైపు చూశాడు. దాన్ని జేబులో పెట్టుకుంటూ, "మొగులన్న కూడ ఇల్లు మారుదమనుకుంటున్నడు," అన్నాడు. "నిన్ను అడగనీకి ఆయనకు మొఖం చెల్తలేదు."

యోనా ఇంకో తెల్లకాగితం తీసుకున్నాడు. మొగులయ్య బేసిక్ అతనికి నోటికి వచ్చు. మూడు గీతలు గీసి, మధ్య గీత దగ్గర అద్దె అంకె కోసం చోటు ఖాళీ వదిలి, మడిచి రాజశేఖర్ చేతికిచ్చాడు.

"ఓనర్ ఎంతంటె గంత ఈడ రాసుకోమను. మిగతది నేను రాసిన."